ట్రకోమా నియంత్రణ: ఊరంతటికీ ఒకేసారి అజిత్రోమైసిన్ ఎందుకు, ఎలా ఇవ్వాలి

కళ్లకు ఏ ఇబ్బందీ లేని నలభై ఏళ్ల మనిషి చేతిలో నాలుగు మాత్రలు పెట్టి, మా ముందే మింగండి అంటే ఆయన అడిగే మొదటి ప్రశ్న "నాకు జబ్బు లేదు కదా, నాకెందుకు?" అడగవలసిన ప్రశ్నే. దీనికి సూటిగా జవాబు చెప్పలేని కార్యకర్త మధ్యాహ్నానికల్లా సగం ఇళ్ల దగ్గర నుంచి ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. అందుకే ఈ మార్గదర్శి ముందు ఆ జవాబుతో మొదలై, తర్వాత పని జరిగే తీరులోకి వెళుతుంది. ఇది ప్రభుత్వ కార్యక్రమంలో భాగంగా ఒక ప్రాంతమంతటికీ మందు ఇచ్చే పద్ధతి. ఎవరికి వారు ఇంట్లో అజిత్రోమైసిన్ కొని వేసుకోవడానికి ఇది సలహా కాదు.

జబ్బు నడిచే దారి

ట్రకోమాకు కారణం క్లామిడియా ట్రకొమాటిస్ అనే బ్యాక్టీరియా. అది కనురెప్ప లోపలి పొరలో చేరుతుంది. ఒక్కసారి సోకితే కళ్లు ఎర్రబడి, పుసి కట్టి, కొన్ని వారాలకో నెలలకో తగ్గిపోతుంది. చూపు ఒక్క దాడితో పోదు. ముప్పు అంతా మళ్లీ మళ్లీ సోకడంలోనే ఉంది. చిన్నతనంలో పదే పదే సోకితే రెప్ప లోపలి పొర మీద మచ్చలు కడతాయి. మచ్చ ముడుచుకుపోయే కొద్దీ రెప్ప అంచు లోపలికి తిరుగుతుంది, వెంట్రుకలు కంటిగుడ్డును రాస్తాయి. ఈ దశ పేరు ట్రికియాసిస్. రెప్ప కొట్టిన ప్రతిసారీ వెంట్రుకలు కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాను గీస్తూ ఉంటే చివరికి అది తెల్లబడి చూపు పోతుంది. సోకడం పసితనంలో, చూపు పోవడం నడివయసులో. మధ్యలో ఇరవై ముప్ఫై ఏళ్లు గడిచిపోతాయి కాబట్టి చాలామంది ఈ రెండింటినీ ఒకే జబ్బుగా గుర్తించరు.

అంటే మందు పని మచ్చను మాన్పడం కాదు, మళ్లీ మళ్లీ సోకే ఆ గొలుసును తెంచడం. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా నియమాలన్నీ ఎందుకు అలా ఉన్నాయో అర్థమవుతుంది.

ఒక్క మోతాదు ఎలా సరిపోతుంది

అజిత్రోమైసిన్‌కు ముందు వాడినది ఒక శాతం టెట్రాసైక్లిన్ కంటి ఆయింట్‌మెంట్. రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు రాయాలి. అది కంట్లో మండుతుంది, కాసేపు చూపు మసకబారుతుంది, ఏడ్చే పిల్లల రెప్పలు పట్టి తెరిచి రాయాలి. ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఆరు వారాలపాటు ఆ పని ఎవరు చేస్తారు? ట్యూబు ఇచ్చి వచ్చామన్న లెక్క కాగితం మీద ఉంటుంది, మందు మాత్రం మొదటి వారం దాటి నడవదు.

అజిత్రోమైసిన్ నోటి ద్వారా వేసుకునే మందు. ఒకసారి మింగితే రక్తంలో నుంచి త్వరగానే తగ్గినా కణజాలంలో, కణాల లోపల రోజుల తరబడి నిలిచి ఉంటుంది. క్లామిడియా కూడా కణం లోపలే పెరుగుతుంది. దాని ఒక్క జీవితచక్రానికి రెండు మూడు రోజులు పడుతుంది. మందు అంతకంటే ఎక్కువ కాలం అక్కడే ఉంటుంది కాబట్టి ఒక్క మోతాదుతో పని జరుగుతుంది. ఆరు వారాల ఆయింట్‌మెంటుతో సమానంగా పనిచేస్తుందని 1993లో గాంబియా దేశంలో చేసిన పరీక్షలోనే తేలింది. నా దృష్టిలో దీని అసలు బలం అంతకన్నా సాదాసీదా విషయంలో ఉంది. మందు ఇచ్చే మనిషి కళ్ల ముందే చికిత్స పూర్తవుతుంది.

అందరికీ ఎందుకు

మొదటి కారణం, కన్ను చూసి సోకిందీ లేనిదీ చెప్పలేకపోవడం. పరీక్ష చేసే వ్యక్తి పైరెప్పను తిరగేసి, మధ్య భాగంలో అర మిల్లీమీటరు లేదా అంతకన్నా పెద్దవైన తెల్లటి పొక్కులు కనీసం ఐదు ఉన్నాయా అని చూస్తాడు. ఉంటే ఆ కంటికి టీఎఫ్ అని రాస్తాడు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే సరళ వర్గీకరణ. పొర బాగా వాచి, లోపలి రక్తనాళాలు సగానికి పైగా కనబడకుండా పోతే టీఐ అంటారు. కానీ సోకిన తొలి రోజుల్లో బ్యాక్టీరియా ఉంటుంది, పొక్కులు ఇంకా రావు. బ్యాక్టీరియా పోయిన తర్వాత పొక్కులు వారాలు, నెలల పాటు మిగిలే ఉంటాయి. కాబట్టి పొక్కులున్న పిల్లలకే మందు ఇస్తే, కొందరికి అవసరం తీరిపోయాక ఇచ్చినట్టు అవుతుంది, కళ్లు నిర్మలంగా కనిపిస్తూనే సోకి ఉన్న కొందరిని వదిలేసినట్టు అవుతుంది. ప్రయోగశాల పరీక్షతో బ్యాక్టీరియాను పట్టవచ్చు. అయితే ప్రతి మనిషి కంటి నుంచీ దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షించడం మందు ఇవ్వడం కంటే ఎన్నో రెట్లు ఖర్చు.

రెండో కారణం, జబ్బు ఇంటి లోపల తిరుగుతుంది. కంటి స్రావం, ముక్కు చీమిడి వేళ్ల మీదుగా, ముఖం తుడిచిన గుడ్డ మీదుగా, కళ్ల మీద వాలే ఈగల మీదుగా ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది చిన్నపిల్లల్లో. వాళ్లను ఎత్తుకునే తల్లికి, ఆడించే అక్కకు అది అంటుతుంది. బిడ్డకు మందిచ్చి పక్కన పడుకునే చెల్లెలిని వదిలేస్తే బిడ్డకు మళ్లీ సోకడానికి ఎక్కువ కాలం పట్టదు. మందు రక్షణ కొన్ని రోజులదే, ఆ తర్వాత మళ్లీ సోకకుండా అది ఆపలేదు.

ఎక్కువమందికి మందు ఇస్తే మందు అందనివారికి కూడా మేలు జరుగుతుందని ఇథియోపియాలోని అమ్హారా ప్రాంతంలో జరిగిన పరీక్ష చూపించింది. అక్కడ కొన్ని ప్రాంతాల్లో ఒకటి నుంచి పదేళ్ల పిల్లలకు మాత్రమే మూడు నెలలకోసారి మందు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి పిల్లల్లో జబ్బు బాగా పడిపోయింది, మందు ముట్టని పెద్దల్లో కూడా దాదాపు సగానికి తగ్గింది. అయితే ఏడాదికి నాలుగుసార్లు ఇచ్చాక వచ్చిన ఫలితం అది. ఏడాదికి ఒక్కసారి మాత్రమే ఇవ్వగలిగినప్పుడు పెద్దలను వదిలేసే వెసులుబాటు ఉండదు.

మూడో కారణం లెక్కలో ఉంది. ఒక ప్రాంతంలో వందమందికి సోకి ఉందనుకుందాం. జనంలో 80 శాతం మందికి మందు అందింది, మింగినవారిలో 95 శాతం మందికి బ్యాక్టీరియా పోయింది అనుకుంటే, వందలో 76 మంది బయటపడతారు, 24 మంది మిగులుతారు. ఇక ఏడాది పాటు ఆ 24 మంది నుంచి జబ్బు మళ్లీ పాకుతుంది. ఏడాదిలో రెండింతలయితే 48. రెండో విడత మందు తర్వాత 12, మరుసటి ఏడాదికి 24. మూడో విడత తర్వాత 6. ఏటేటా మెట్టు దిగుతూ వస్తుంది. అదే జబ్బు తీవ్రంగా ఉండే చోట, ఏడాదిలో ఐదింతలయ్యే చోట, 24 కాస్తా 120 అవుతుంది. మొదలుపెట్టిన చోటికంటే వెనక్కి వెళ్లాం. నాలుగింతలకు కాస్త ఎక్కువ దగ్గర సరిహద్దు ఉంది. అంతకు మించి పెరిగే చోట 80 శాతం కవరేజీతో ఏడాదికోసారి ఎన్నేళ్లు ఇచ్చినా జబ్బు తగ్గదు.

అక్కడ చేయగలిగినవి రెండే. 80ని 95 శాతానికి పెంచితే విడత తర్వాత మిగిలేది దాదాపు 10 మంది. ఐదింతలైనా 50 దగ్గర ఆగుతుంది. లేదా ఏడాదికి రెండుసార్లు ఇవ్వాలి. ఆరు నెలల్లో జబ్బు ఐదింతలు కాదు, రెండింతలకు కాస్త ఎక్కువ అవుతుంది. 24 కాస్తా 54 వరకే వెళుతుంది. ఈ అంకెలు విషయం తెలియడానికి నేను వేసుకున్నవి. నిజ జీవితంలో జబ్బు ఇంత క్రమంగా పెరగదు. కానీ ఎవరిని వదిలేసినా వాళ్లు తర్వాతి ఏడాది లెక్కకు విత్తనం అవుతారన్నది మారదు. నలభై ఏళ్ల మనిషి ప్రశ్నకు జవాబు ఇదే. ఆయన కంటికి ఇప్పుడు మందు అవసరం లేకపోవచ్చు, ఆయన మనవరాలి కంటికి మాత్రం ఆయన మింగడం అవసరం.

మొదటి పని: ఇవ్వాలా వద్దా అని తేల్చడం

ఎక్కడో నాలుగు పుసికళ్లు కనిపించాయని ఊరంతటికీ మందు పంచరు. లక్ష నుంచి రెండున్నర లక్షల జనాభా ఉన్న ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, అందులో కొన్ని ఊళ్లను యాదృచ్ఛికంగా ఎంచి, ఇళ్లు తిరిగి ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లల రెప్పలు తిరగేసి చూస్తారు. వారిలో టీఎఫ్ ఎంత శాతం ఉందో దాన్నిబట్టి నిర్ణయం. 5 శాతం లోపుంటే సామూహిక చికిత్స అక్కర్లేదు. 5 నుంచి 10 లోపుంటే ఒక విడత. 10 నుంచి 30 లోపుంటే ఏటా ఒకసారి చొప్పున మూడేళ్లు. 30 దాటితే కనీసం ఐదేళ్లు. ప్రతి విడతలోనూ జనాభాలో కనీసం 80 శాతం మందికి మందు అందాలన్నది లక్ష్యం.

యూనిట్ అంత పెద్దదిగా ఎందుకు? ఒక్క ఊరిని శుభ్రం చేస్తే పక్క ఊరి నుంచి జబ్బు తిరిగి వస్తుంది కాబట్టి. గాంబియాలో 14 పల్లెల్లో మందు ఇచ్చిన తర్వాత చాలా చోట్ల జబ్బు తగ్గి అలాగే ఉండిపోయింది. రెండు పల్లెల్లో మాత్రం మళ్లీ పెరిగింది. మందు అందని ఇతర ఊళ్లతో ఆ రెండింటికీ రాకపోకలు ఎక్కువగా ఉండేవి.

రెండో పని: పేర్లు రాయడం

మందు పంచే రోజుకు ముందే ఇంటింటికీ తిరిగి రిజిస్టర్ రాయాలి. ఇంటి సంఖ్య, పేరు, వయసు, ఆడా మగా, ఆరు నెలల లోపు శిశువులు, గర్భిణులు. దీన్ని పాత జనాభా లెక్క చూసి నింపేయాలన్న బద్ధకం అందరికీ వస్తుంది. అక్కడే మొత్తం పని చెడుతుంది. ఎలా చెడుతుందో కింద లెక్కలో చూద్దాం. పొలం పనులకు, పశువుల వెంట వేరే చోటికి వెళ్లినవారు ఎప్పుడు తిరిగి వస్తారో కూడా రిజిస్టర్ రాసేటప్పుడే అడిగి రాసుకోవాలి. మందు పంచే వారాన్ని ఊరి పనులను బట్టి నిర్ణయించాలి. కార్యాలయం క్యాలెండర్ చూసి నిర్ణయిస్తే పొలాల్లో ఉన్నవాళ్లంతా తప్పిపోతారు.

మూడో పని: మోతాదు

మోతాదు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు, గరిష్ఠం ఒక గ్రాము. ఊళ్లో వందలమందిని తూకం వేయడం కష్టం కాబట్టి ఎత్తు కొలిచే కర్ర వాడతారు. నిలువుగా పట్టుకున్న కర్ర మీద రంగు గీతలు, ఒక్కో పట్టీ పక్కన ఎంత సిరప్ లేదా ఎన్ని మాత్రలు అన్నది రాసి ఉంటుంది. మనిషి చెప్పులు విడిచి, మడమలు ఆనించి, నిటారుగా నిలబడాలి. తల మీది గంప, తలపాగా తీసేయాలి. కర్ర నేలకు ఆనిందో లేదో చూడాలి. గడ్డి మీదో ఇటుక మీదో కర్ర నిలిపితే ప్రతి ఒక్కరి మోతాదూ ఒక పట్టీ మారిపోవచ్చు. ఏ దేశంలో వాడే కర్ర ఆ దేశపు జనం ఎత్తు, బరువుల సంబంధాన్ని బట్టి తయారు చేస్తారు, మరో చోటు కర్రను తెచ్చి వాడకూడదు.

ఒక ఇంటిని తీసుకుందాం. అమ్మమ్మ, తల్లి, తొమ్మిదేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల పాప, మూడు నెలల శిశువు. అమ్మమ్మకు, తల్లికి 250 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగేసి, అంటే గ్రాము. అబ్బాయి బరువు 25 కిలోలనుకుంటే 500 మిల్లీగ్రాములు, రెండు మాత్రలు. పాప 15 కిలోలు ఉంటే 300 మిల్లీగ్రాములు. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి ఆమెకు ఏడున్నర మిల్లీలీటర్లు. శిశువుకు అజిత్రోమైసిన్ ఇవ్వరు. తల్లికి టెట్రాసైక్లిన్ ట్యూబులు ఇచ్చి, రెండు కళ్లలో రోజుకు రెండుసార్లు ఆరు వారాలు రాయమని చెప్పి, మొదటిసారి రాసి చూపించాలి. కర్ర చెప్పే మోతాదు ఈ లెక్కకు కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు. ఈ మందు విషయంలో ఆ తేడా ఇబ్బంది పెట్టదు.

ఏడేళ్ల లోపు పిల్లలకు, లేదా 120 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్నవారికి సిరప్ మాత్రమే. మాత్రను చిదిమి చెంచాలో ఇవ్వడం లాంటి సొంత ఏర్పాట్లు వద్దు. సిరప్ పొడిని సీసా మీద రాసిన కొలత ప్రకారం శుభ్రమైన నీటితో కలిపి, ప్రతి మోతాదుకూ ముందు బాగా కుదపాలి. కుదపకపోతే మందు అడుగున పేరుకుని, సీసా మొదట్లో తాగిన బిడ్డకు తక్కువ, చివర్లో తాగిన బిడ్డకు ఎక్కువ అందుతుంది.

మాక్రోలైడ్ మందులు గతంలో పడనివారికి, అంటే అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వేసుకుంటే దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి అందకపోవడం వచ్చినవారికి ఇది ఇవ్వకూడదు, వారికి ఆయింట్‌మెంట్. తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నవారిని, గుండె లయకు సంబంధించిన జబ్బు ఉన్నవారిని వైద్యుడికి చూపించాకే. గర్భిణుల విషయంలో దేశాల నియమాలు ఒకేలా లేవు, మీ కార్యక్రమం రాతపూర్వకంగా ఏమి చెబితే అదే పాటించాలి.

నాలుగో పని: బిడ్డ చేత తాగించడం

ఈ పనంతటిలో ప్రాణం మీదికి వచ్చే క్షణం ఒక్కటే. ఏడుస్తున్న పిల్లాడి ముక్కు మూసి, తల వెనక్కి వంచి సిరప్ పోయడం. మందు గొంతులోకి కాకుండా ఊపిరి తిత్తుల దారిలోకి పోతుంది, ఊపిరాడక బిడ్డ చనిపోవచ్చు. సామూహిక చికిత్సల్లో ఇలాంటి మరణాలు నిజంగా జరిగాయి. కాబట్టి నియమం చాలా కచ్చితంగా ఉంటుంది. బిడ్డ నిలబడి గానీ నిటారుగా కూర్చుని గానీ ఉండాలి. ఏడుపు ఆగాలి. కప్పును బిడ్డ తనంతట తాను తాగాలి, లేదా తల్లి కొద్దికొద్దిగా తాగించాలి. ముక్కు మూయడం, చేతులు పట్టుకోవడం, పడుకోబెట్టి పోయడం ఎవరు చేయబోయినా ఆపాలి, తల్లైనా సరే. అమ్మమ్మలు ఇంట్లో కషాయం పోసే అలవాటుతో "ఇలా పట్టుకుంటే తాగేస్తాడు" అంటూ సాయానికి వస్తారు. మర్యాదగా పక్కకు కూర్చోబెట్టండి.

ఏడుపు ఆపని బిడ్డను క్యూ నుంచి తప్పించి, అరగంట తర్వాత, లేకపోతే సాయంత్రం పిలవండి. అప్పటికీ వద్దంటే ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపండి. ఒక బిడ్డ మోతాదు కోసం ఎవరూ బలవంతం చేయవద్దని జట్టు నాయకుడు ముందు రోజే చెప్పి ఉంచాలి. రోజు చివర్లో కవరేజీ అంకె తక్కువగా కనిపించినప్పుడు ఒత్తిడి వస్తుంది, ఆ ఒత్తిడిలోనే తప్పులు జరుగుతాయి.

పెద్దలు కూడా మాత్రలు అక్కడే, నీళ్లతో, కార్యకర్త ముందు మింగాలి. ఇంటికి పట్టుకెళ్లనిస్తే అవి జ్వరానికో దగ్గుకో దాచుకుంటారు. కడుపులో వికారం, నొప్పి, విరేచనాలు కొందరికి వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఇది ముందే చెబితే మరుసటి రోజు పుకారు లేవదు. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనబడితే ఆలస్యం లేకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఏ ఆస్పత్రికి, ఏ వాహనంలో అన్నది మందు పంచే ముందే నిర్ణయించుకోవాలి.

ఐదో పని: లెక్క చూడటం

ఒక ఊరు అనుకుందాం. రిజిస్టర్‌లో 1,200 మంది. రెండు రోజుల తర్వాత 1,000 మందికి అజిత్రోమైసిన్, 18 మందికి ఆయింట్‌మెంట్, మొత్తం 1,018 మందికి అందింది. 1,018ని 1,200తో భాగిస్తే దాదాపు 85 శాతం. లక్ష్యం దాటేశాం అని జట్టు సంచులు సర్దుకుంటుంది. ఇక్కడ ఆగి రెండు ప్రశ్నలు వేయాలి.

మొదటిది, ఆ 85 ఎక్కడెక్కడ ఉంది? ఊళ్లో నాలుగు వాడలు ఉన్నాయి. 400 మంది ఉన్న వాడలో 372, 350 మంది ఉన్నదానిలో 322, 300 మంది ఉన్నదానిలో 264, చివరి 150 మంది ఉన్నదానిలో 60. మొదటి మూడూ 88 నుంచి 93 శాతం. నాలుగోది 40 శాతం. మందు పంచిన చోటికి ఆ వాడ దూరమో, వాగుకు అవతలో ఉండి ఉంటుంది. మొత్తం అంకెలో అది మునిగిపోయింది. బ్యాక్టీరియా మాత్రం ఆ 90 మందిలో, ఒకరి పక్కన ఒకరు ఉన్నచోట, హాయిగా మిగిలింది. జట్టు మరుసటి రోజు ఆ వాడకే వెళ్లాలి, మిగతా మూడు వాడల్లో తప్పిపోయిన ఒక్కొక్కరి కోసం తిరగడం కంటే అదే ముఖ్యం.

రెండోది, 1,200 అన్న అంకె నిజమేనా? ఆ ఊళ్లో ఇటుక బట్టీల పక్కన గుడిసెలు వేసుకున్న 150 మంది రిజిస్టర్‌లోకి రాలేదనుకోండి. నిజమైన జనాభా 1,350. అప్పుడు 1,018 అంటే 75 శాతమే. మందు పంచిన జట్టు ఏ తప్పూ చేయలేదు, లెక్కకు కింద వేసిన అంకె తప్పు. అందుకే కొన్ని రోజుల తర్వాత, పంచిన జట్టుతో సంబంధం లేనివారు యాదృచ్ఛికంగా ఎంచిన ఇళ్లకు వెళ్లి "మీరు మాత్ర మింగారా?" అని అడిగి వేరే లెక్క కడతారు. మాత్ర, సిరప్ సీసా చూపించి అడిగితే జ్ఞాపకం సరిగ్గా వస్తుంది. రిజిస్టర్ లెక్కకు, ఈ లెక్కకు పెద్ద తేడా వస్తే నేనైతే రెండోదాన్నే నమ్ముతాను.

ఎప్పుడు మళ్లీ చూడాలి

చివరి విడత తర్వాత కనీసం ఆరు నెలలు ఆగాకే మళ్లీ సర్వే. కారణం ముందు చెప్పుకున్నదే. పొక్కులు బ్యాక్టీరియా కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి, తొందరపడి చూస్తే మందు పనిచేయలేదన్న తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. ఆ సర్వేలో టీఎఫ్ 5 శాతం లోపుకు వస్తే మందు ఆపి, రెండేళ్ల తర్వాత నిఘా సర్వే చేస్తారు. మళ్లీ 5 దాటితే జబ్బు తిరిగి లేచిందని అర్థం, విడతలు మళ్లీ ఆలోచించాలి.

అంతా అనుకూలిస్తే ఏం జరుగుతుందో టాంజానియాలోని రోంబో జిల్లాలో ఒక పల్లె చూపించింది. 978 మందిలో 956 మందికి, అంటే దాదాపు అందరికీ, ఒక విడత చికిత్స అందింది. అంతకుముందు 9.5 శాతం మందిలో బ్యాక్టీరియా ఉంటే, రెండు నెలలకు 2.1 శాతం, రెండేళ్లకు 0.1 శాతం. మధ్యలో కళ్లలో జబ్బు లక్షణాలు కనిపించినవారికి ఆయింట్‌మెంట్ ఇస్తూ వచ్చారు. ఒక్క విడతతో ఊరు బాగుపడుతుందని దీన్ని చూపి చెబుతుంటారు. కానీ అక్కడ మొదట్లో జబ్బు తక్కువ, కవరేజీ దాదాపు 98 శాతం. మొదటి లెక్కలోని ఐదింతల ప్రాంతానికి ఈ ఉదాహరణ వర్తించదు. అమ్హారాలో ఏళ్ల తరబడి ఏటా మందు పంచినా చాలా జిల్లాల్లో టీఎఫ్ 5 శాతం లోపుకు రాలేదు. అలాంటి చోట్ల ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ విడతలు ఇచ్చే పద్ధతులను పరిశీలిస్తున్నారు.

మందు చేయలేనివి

యాంటీబయోటిక్ ఎంత విస్తారంగా పంచితే మిగతా బ్యాక్టీరియాలు దానికి అంత అలవాటు పడతాయి. సామూహిక చికిత్స తర్వాత పిల్లల ముక్కుల్లో ఉండే, న్యుమోనియా కలిగించగల న్యుమోకాకస్ బ్యాక్టీరియాలో అజిత్రోమైసిన్‌కు లొంగని రకాలు పెరగడం చాలాసార్లు కనిపించింది. విడతలు ఆగితే అవి తగ్గుతూ వస్తాయి. కళ్లలోని క్లామిడియాలో అలాంటి నిరోధకత నిలదొక్కుకున్న దాఖలా లేదు. మరోవైపు 2018లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో నైజర్, మలావీ, టాంజానియా దేశాల్లో ఏడాదికి రెండుసార్లు ఐదేళ్ల లోపు పిల్లలకు అజిత్రోమైసిన్ ఇస్తే వారిలో మరణాలు 13.5 శాతం తగ్గాయి. రెండింటినీ కలిపి చూస్తే నా అభిప్రాయం ఇది. సర్వే అంకె చెప్పినన్ని విడతలు ఇవ్వండి, అలవాటుగా అదనంగా ఒకటి కలపకండి.

ఈ మందు పంపిణీ సేఫ్ అనే వ్యూహంలో నాలుగింట ఒక భాగం. మిగతావి ట్రికియాసిస్ శస్త్రచికిత్స, ముఖం శుభ్రత, పరిసరాల మెరుగుదల. కళ్ల మీద వాలే ఈగ జాతి బయట నేల మీద పడిన మనుషుల మలంలో గుడ్లు పెడుతుంది. మరుగుదొడ్లు, ఇంటి దగ్గర నీళ్లు లేని చోట జబ్బు వేగంగా పాకుతుంది, ఉన్న చోట ఆ వేగం తగ్గవచ్చు. ముందు వేసిన లెక్కలో జబ్బు ఏడాదికి ఎన్నింతలవుతుందన్న అంకెను మనం మార్చలేదు, దాన్ని మార్చగలిగేవి ఇవే.

మందు పంచే రోజు రెప్పలు లోపలికి తిరిగిన పెద్దవాళ్లు కూడా క్యూలో నిలబడతారు. వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయని, చిమటాతో పీకుకుంటున్నామని చెబుతారు. మాత్రలు మింగించి పంపేస్తే వాళ్లకు ఒరిగేది లేదు. వాళ్ల పేరు, ఇల్లు వేరే పేజీలో రాసి, శస్త్రచికిత్స ఎక్కడ ఎప్పుడు జరుగుతుందో చెప్పి, ఎవరు తీసుకెళ్తారో ఖరారు చేయాలి. ఒక దేశం ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిందని గుర్తించడానికి పిల్లల్లో టీఎఫ్ 5 శాతం లోపుంటే చాలదు. పదిహేనేళ్లు దాటినవారిలో ఆరోగ్య వ్యవస్థ దృష్టికి రాని ట్రికియాసిస్ 0.2 శాతం లోపు ఉండాలి, కొత్తగా బయటపడే కేసులకు శస్త్రచికిత్స చేసే ఏర్పాటు ఉండాలి. చిన్నప్పుడు పడిన మచ్చలు మందు పంపిణీ ఆగిన ఇరవై ఏళ్లకు కూడా రెప్పలను లోపలికి లాగుతూనే ఉంటాయి. కాబట్టి చివరి విడత ముగిశాక కూడా ఆ పేజీని ఆరోగ్య కేంద్రానికి అప్పగించి, కంటి శస్త్రచికిత్స చేసే మనిషిని ఆ ప్రాంతంలో కొనసాగించాలి.